అరవై దగ్గర గొయ్యి

బావకి కోపం వస్తే అరవడు, వేళ్లతో కుర్చీ చేతి మీద తాళం వేస్తాడు. ఆ పొద్దున మిక్సింగ్ గదిలో పాట అయిపోయేసరికి ఆ తాళం చూస్తే కుర్చీ మీద జాలేసింది చిట్టికి.

ముప్పై దాటినా ఇంట్లో వాళ్లకి ఆమె చిట్టే. పని సౌండ్ ఇంజనీరు. బావ అంటే అక్క మొగుడు, బ్యాండుకి పెద్ద, డ్రమ్స్ వాయిస్తాడు. అన్నయ్య బేస్ గిటారు. ఆల్బమ్ సాయంత్రానికి కంపెనీకి వెళ్లిపోవాలి. ఎనిమిది పాటలు కుదిరాయి, ఈ తొమ్మిదోది గొంతులో ముల్లులా ఉండిపోయింది.

పాటంతా ఒక ఎత్తు, పల్లవి చివర ఒక ఎత్తు. అక్కడ డ్రమ్స్ సహా అన్నీ ఆగిపోయి బేస్ ఒక్కటే ఒక లోతైన స్వరం మీద నిలబడాలి. ఆ స్వరం వినగానే వినేవాడి గుండెలో బరువు దిగాలని బావ కట్టిన బాణీ. తీరా ఇప్పుడు అది పస లేకుండా, జ్వరం పడి లేచిన మనిషి మాటలా వినిపిస్తోంది.

“నువ్వూ విన్నావుగా,” అన్నాడు బావ.

విన్నానని తల ఊపింది. ఏం చెప్పగలదు? ఆ స్వరం లావు తీగ మీద ఏడో మెట్టు దగ్గర ఉంది. అన్నయ్య దాన్ని ఉంగరం వేలితో నొక్కుతాడు. కిందటేడు వ్యాను తలుపులో పడి నలిగింది ఆ వేలే. కుట్లు వేసి, నరం కలిపి, నెలల తరబడి రబ్బరు బంతి పిసికించి, ఇక వాయించుకోవచ్చని డాక్టరు చెప్పాకే అన్నయ్య మళ్లీ గిటారు పట్టాడు. పట్టాడన్న మాటే గానీ అందరి కళ్లూ ఆ వేలి మీదే ఉన్నాయి. చిట్టి కళ్లు మరీను.

బావ తలుపు మూసి వచ్చి, గొంతు తగ్గించి తన నిర్ణయం చెప్పాడు. కీబోర్డు వాయించే కుర్రాడికి కబురు పెట్టాడట. ఈ పాటకి బేస్ కీబోర్డు మీదే వాయించేస్తాడు. రికార్డులో ఒకరూ స్టేజీ మీద ఒకరూ అంటే కుదరదు కాబట్టి, ముందు ముందు ప్రోగ్రాములకి కూడా అతనే. అన్నయ్యకి తానే మెల్లగా చెప్తాడు, చిట్టి నోరు విప్పక్కర్లేదు. భోజనం లోపు ఆ స్వరం ఉన్న చోటల్లా అన్నయ్య బేస్ తీసేసి ఖాళీ సిద్ధం చేసి ఉంచితే చాలు.

అన్నీ అంత నెమ్మదిగా చెప్పేసి కీబోర్డతన్ని తీసుకురావడానికి మెట్లు దిగి వెళ్లిపోయాడు. బావ చెడ్డవాడేం కాదు. బ్యాండు నడిపే మనిషికి బావమరిదీ ఒకటే, బల్లా ఒకటే, అంతే. ఆ సంగతి తెలిసినా ఆ క్షణంలో చిట్టికి ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో సగం తన మీదే. ఎందుకంటే కాదని ఒక్క మాట అనలేదు తను. నిజానికి ఆ వేలు ఇక కోలుకోదని లోపల్లోపల తనూ ఖాయం చేసేసుకుంది.

గాజు కిటికీ అవతల రికార్డింగు గదిలో అన్నయ్య చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని వేలు ముంచుకుని కూర్చున్నాడు. ఇటు చూసి నవ్వాడు. చిట్టి కూడా నవ్వింది. అలాంటి నవ్వులు ముఖానికి అతికించుకోవడం ఎంత కష్టమో నవ్విన వాళ్లకే తెలుస్తుంది.

ఇక పని మొదలుపెట్టక తప్పలేదు.

ఈ పని తెలియని వాళ్లకి ఒక మాట చెప్పాలి. డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డోలుని కిక్ అంటారు. కిక్కూ బేస్ గిటారూ రెండూ శబ్దంలో అడుగు అంతస్తులో కాపురం ఉండే జాతి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, రెండూ ఒకే చోట బలంగా మోగితే ఏదీ తేటగా వినపడదు, అంతా బురదయిపోతుంది. అందుకని ఈక్యూ అనే పనిముట్టుతో సర్దుబాటు చేస్తారు. శబ్దంలో ఏ భాగాన్నయినా విడిగా పెంచడానికీ తగ్గించడానికీ అది పనికొస్తుంది. కిక్కుని పెంచిన చోట బేస్‌ని కాస్త తగ్గించాలి, బేస్‌ని పెంచిన చోట కిక్కుని తగ్గించాలి. ఇద్దరూ తలో అడుగు జరిగితే ఇద్దరికీ చోటు దొరుకుతుంది. కుదిరిందో లేదో చెవితో విని, స్పెక్ట్రమ్ తెర మీద చూసుకుంటారు. ఆ తెర మీద ఎడమ చివర లోతైన శబ్దాలు, కుడి వైపు సన్నవి, ఎక్కడ ఎంత బలం ఉంటే అక్కడ గీత అంత ఎత్తు లేస్తుంది.

బావ కిక్ అరవై హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంటే తెర మీద బాగా ఎడమ వైపు. అది ఛాతీ మీద గుద్దినట్టుండాలని మొదటి రోజే ఆయన హుకుం. చిట్టి ఆ రోజే చరణాన్ని తిప్పి తిప్పి వింటూ అరవై దగ్గర కిక్కుని లేపింది, అక్కడే బేస్‌ని లోతుగా కోసింది. చరణంలో అన్నయ్య వేళ్లు పై స్వరాల మీదే నడుస్తాయి, కాబట్టి అక్కడ ఎంత కోసినా బేస్‌కి నొప్పి తెలియలేదు. మొత్తం పాట తెర మీద చూస్తే గీత ఎక్కడా వంకర లేకుండా వచ్చింది. భేష్ అనుకుంది.

ఇప్పుడు పల్లవి చివరికి వెళ్లి, కత్తిరించాల్సిన స్వరం ఎక్కడ మొదలవుతుందో చూడటానికి పాట పెట్టింది. డ్రమ్స్ ఆగాయి. బేస్ స్వరం నిలిచింది, నీరసంగా. పాట ఆపి, ఆ క్షణంలోని గీతని తెర మీద అలాగే నిలిపి ఉంచింది.

ఎడమ వైపు గీతలో గొయ్యి ఉంది, సరిగ్గా అరవై దగ్గర.

మొదట ఆ గొయ్యిని చూసి ఇదేనన్నమాట వేలి బలహీనత అనుకుంది. కానీ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఎందుకంటే దానికి పైన, నూట ఇరవై దగ్గరా నూట ఎనభై దగ్గరా ఆ స్వరం తాలూకు శిఖరాలు నిక్షేపంలా నిలబడి ఉన్నాయి. వేలు సరిగా నొక్కకపోతే ముందు నలిగిపోయేది ఆ పై శిఖరాలే, స్వరం కూడా చటుక్కున చచ్చిపోతుంది. ఇక్కడ స్వరం చివరిదాకా నిలిచింది, పైన అంతా బాగుంది. అడుగు ఒక్కటే గరిటెతో తోడేసినట్టు లేదు.

ఆ గరిటె ఆకారం ఆమెకి తెలుసు. వెళ్లి బేస్ మీద తను పెట్టిన ఈక్యూ తెరిచి చూసింది. అదే వెడల్పు, అదే లోతు. ఆ లోతైన స్వరం అరవై రెండు దగ్గర పలుకుతుంది. తను కిక్కు కోసం తవ్విన గోతిలో అన్నయ్య స్వరం నిలువునా పడిపోయింది.

ఈక్యూ తీసేసి పాట మళ్లీ పెట్టింది. స్వరం వచ్చింది. బల్ల మీద ఉన్న గ్లాసులో నీళ్లు వణికాయి.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తెర మీద ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదో ఇప్పుడు అర్థమైంది. మొత్తం పాట గీతలో బేస్ గోతిని కిక్కు నింపేస్తోంది, అందుకే చదునుగా కనిపించింది. కిక్కు ఆగిపోయిన చోట మాత్రమే గొయ్యి బయటపడింది. రెంటినీ విడివిడిగా ఒకదాని మీద ఒకటి వేసి చూసి ఉంటే మొదటి రోజే దొరికేది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకి తనే చెప్పే పాఠం అది.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ ఈక్యూ మిక్సింగులో పెట్టింది కాదు. రిహార్సల్ రోజే పెట్టింది, రికార్డింగప్పుడు తీయనే లేదు. రికార్డయిన శబ్దానికి దాంతో ఏమీ కాదు గానీ, అన్నయ్య హెడ్‌ఫోన్లలోకి వెళ్లింది మాత్రం కోసేసిన బేసే. తన స్వరం తనకే పీలగా వినిపిస్తుంటే అతను ఇంకా గట్టిగా నొక్కాడు. “ఇంకొక్కసారి, అన్నయ్యా. కొంచెం బలంగా,” అని ఈ గాజు వెనక నుంచి అడిగింది తనే. అలా ఎన్ని టేకులు తీయించిందో లెక్క లేదు. వేలు వాచింది ఆ రోజే.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. బావ, వెనకాల కీబోర్డు సంచీ భుజాన వేసుకుని ఆ కుర్రాడు. చిట్టి లేచి తలుపు దాకా వెళ్లేలోపే రికార్డింగు గది తలుపు తెరుచుకుంది. అన్నయ్య బయటికి వచ్చి, కీబోర్డు సంచీ చూసి, బావ ముఖం చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే అతనికి అంతా అర్థమైపోయింది.

“మీరేం చెప్పక్కర్లేదు, బావా,” అన్నాడు. “నేనే తప్పుకుందామనుకుంటున్నా. ఆ వేలు ఇక రాదు. నాకు తెలుస్తోంది.”

బావ ముఖంలో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. కష్టమైన మాట ఎదుటివాడే అనేస్తే ఎవరికైనా అంతే. వచ్చి అన్నయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు చిట్టి ఊరుకుంటే అన్నీ మర్యాదగా ముగిసిపోతాయి. సాయంత్రానికి పాట వెళ్లిపోతుంది. ఈక్యూ సంగతి ఎవరికీ తెలియదు.

“తప్పు వేలిది కాదు,” అంది. “నాది.”

బావకి అది అన్న మీద చెల్లెలి జాలిలా వినిపించింది. ఇలాంటి సమయంలో మనసు మాటలు వద్దన్నాడు, కీబోర్డతనికి కుర్చీ చూపించాడు. చిట్టి వాదించలేదు. వెళ్లి పాట పెట్టింది. ముందు కోతతో, తర్వాత కోత లేకుండా. తెర మీద గొయ్యి, పక్కనే ఈక్యూలో తను గీసిన గొయ్యి. ఒకదాని మీద ఒకటి పెడితే గిన్నెకి మూత సరిపోయినట్టు సరిపోయాయి.

కోత లేకుండా స్వరం వచ్చినప్పుడు కీబోర్డు కుర్రాడు ఇక దాంతో పని లేదన్నట్టు భుజాన ఉన్న సంచీ దించి నేల మీద పెట్టేశాడు. అన్నయ్య మాత్రం కదల్లేదు.

కానీ బావ అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. అదే కోత లేకుండా మొత్తం పల్లవి వినిపించమన్నాడు. వినిపించింది. వేళ్లు మళ్లీ కుర్చీ మీద తాళం మొదలెట్టాయి. ఆయన కోపంలోనూ న్యాయం ఉంది. డ్రమ్స్ మోగుతున్నంతసేపూ కిక్కూ బేసూ కలిసి ఒకటే ముద్ద. తెర మీద రెండు గీతలూ అరవై దగ్గర ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

“స్వరం వచ్చింది సరే. మరి నా కిక్కేదీ?” అన్నాడు బావ. “ఇలా పంపలేం కదమ్మా. కుదిరితే కుదిరింది, లేకపోతే అతను వాయిస్తాడు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనకున్న గొయ్యి తను తవ్విందే. చిట్టి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. వెనకాల ముగ్గురు వీపుకేసి చూస్తుంటే పని చేయడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

తను చేసిన అసలు తప్పు కోయడం కాదని ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఇద్దరూ తలో అడుగు జరగాల్సిన చోట ఒక్కరినే జరిపింది. జరిగినవాడు అన్నయ్య. జరగనివాడు బావ. ఈక్యూలో కిక్కు గీత చూస్తే అరవై దగ్గర కొండ తప్ప ఎక్కడా ఒక్క గుంట లేదు. ఇంట్లో ఎవరు సర్దుకుపోతారో తెర మీదా వాళ్లే సర్దుకుపోయారు. బావని తగ్గించడానికి ఆమెకి ధైర్యం చాలలేదు, అంతే.

ఈసారి ముందు స్వరాలు చూసింది, చరణంలో ఏవి, పల్లవిలో ఏవి అని. చరణంలో అరవై కిక్కుకే ఉంచింది, అక్కడ బేస్‌కి దాంతో పని లేదు. అయినా కోత లోతు బాగా తగ్గించి, కాస్త పైన, బేస్ నడిచే చోట కిక్కుని కొద్దిగా తీసింది. పల్లవి మొదలవగానే ఇద్దరి చోట్లూ మారేలా పెట్టింది. అక్కడ అరవై బేస్‌ది. కిక్కుకి పెంచిందంతా తీసేసి, అదే చోట ఇంకొంచెం తగ్గించింది. బదులుగా వంద దగ్గర కిక్కుని లేపింది. పల్లవిలో వంద దగ్గర నిలిచే బేస్ స్వరం లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, అక్కడ బేస్‌ని లేశమాత్రం వంచింది. డోలు మీద దెబ్బ టప్పుమని తగిలే సన్నని శబ్దం పైన ఎక్కడో ఉంటుంది, దాన్ని కూడా ఒక పిసరు ఎత్తింది.

తెర మీద రెండు రంగుల్లో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి వేసింది. గీత ఎక్కడిదాకా లేచిందో గుర్తు నిలిచి ఉండేలా కూడా పెట్టింది, మొత్తం పాట సగటు చూసి మోసపోవడం ఒకసారి చాలు. చరణంలో కిక్కు కొండ పక్కనే బేస్ కొండ లేచింది. పల్లవిలో అవి చోట్లు మార్చుకున్నాయి. ఒకటి లేచిన చోట రెండోది వంగింది. డ్రమ్స్ ఆగిన చోట కిక్కు గీత పడిపోయింది, బేస్ గీత అరవై రెండు దగ్గర నిటారుగా నిలబడింది.

అయినా ఆమె మనసు కుదుటపడలేదు. ఆ స్వరంలో చిన్న అపశ్రుతి ఉంది. ఇప్పుడు తేటగా వినిపిస్తోంది కాబట్టి అది కూడా వినిపిస్తోంది. స్వరం వెంట్రుకవాసి పైకి పోతోంది. కారణం ఆమెకి తెలుసు. మరీ గట్టిగా నొక్కితే తీగ బిగుసుకుపోయి శ్రుతి ఎక్కుతుంది. బలంగా, బలంగా అని తను అడిగి తీయించిన టేకు అది.

డిస్కులో వెనక్కి వెళ్లింది. ఆ రోజు వద్దని పక్కన పడేసిన మొట్టమొదటి టేకు ఇంకా అక్కడే ఉంది. దాన్ని తెచ్చి పాటలో పెట్టి, పల్లవి ముందు నుంచి వదిలింది. తెర వైపు చూడలేదు, కళ్లు మూసుకుంది.

కిక్కు గట్టిగా, పొడిగా తగిలింది. దాని కింద బేస్ సాఫీగా నడిచింది. చివర అన్నీ ఆగిపోయాయి. ఆ స్వరం ఏ తొందరా లేకుండా, లావుగా, శ్రుతి మీద దిగి గదంతా నిండింది. గ్లాసులో నీళ్లు మళ్లీ వణికాయి. చిన్న స్పీకరు మీదకి మార్చి, చప్పుడు బాగా తగ్గించి మరోసారి పెట్టింది. అందులోనూ నిలిచింది.

బావ వేళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు కిక్కు ఇంకా బాగుంది, ఎంత పెంచావని అడిగాడు.

“తగ్గించాను, బావా,” అంది చిట్టి.

బావ నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. తెర వైపు చూశాడు, పల్లవిలో తన కిక్కు గీతకి పడిన గుంట చూశాడు. ఇదే పంపమని చెప్పి కీబోర్డు కుర్రాడి సంచీ తనే ఎత్తి భుజానికి తగిలించుకుని, అతన్ని కాఫీకి తీసుకెళ్లాడు. తలుపు దగ్గర ఆగి అన్నయ్య వైపు తిరిగాడు. శనివారం ప్రోగ్రాముకి వ్యాను పొద్దున్నే వస్తుందని చెప్పాడు. బావ దగ్గర క్షమాపణ అంటే అంతే, అంతకంటే పొడుగుది ఆయన దగ్గర లేదు.

గదిలో అన్నాచెల్లెళ్లిద్దరే మిగిలారు. అన్నయ్య ఇంకా నిలబడే ఉన్నాడు.

“ఇది ఏ టేకు?” అని అడిగాడు.

“మొదటిది.”

అతను వాచిన వేలు చూసుకున్నాడు. మిగతావన్నీ ఎందుకు వాయించినట్టో అడుగుతాడని చిట్టి భయపడింది. అడిగి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది.

“వేలు పని అయిపోయిందని నాకంటే ముందు నువ్వే అనేసుకున్నావు కదూ, చిట్టీ.”

కాదనడానికి వంద మాటలు ఉన్నాయి. హెడ్‌ఫోన్లున్నాయి, రిహార్సలుంది, బావ హుకుముంది.

“అవును,” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని దాచుకోలేదు.

అన్నయ్య వచ్చి ఆమె పక్కనున్న బావ కుర్చీలో కూర్చున్నాడు.

“డ్రమ్స్ ఆగే చోటు మళ్లీ పెట్టు,” అన్నాడు.

పెట్టింది. అన్నీ ఆగాయి, స్వరం దిగింది. అది మోగినంతసేపూ అతని ఉంగరం వేలు అతనికి తెలియకుండానే మోకాలి మీద ఆని ఉంది. కొంచెం కూడా గట్టిగా నొక్కడం లేదు.